లక్ష్యం చేరినా నష్టమే: ఒక కిక్‌స్టార్టర్ పుస్తకపు జమాఖర్చు

ప్రచురణకు ముందే చందాలు కట్టించుకుని, వచ్చిన డబ్బుతో పుస్తకం అచ్చువేయడం తెలుగువారికి కొత్త కాదు. చందాదారు ఊరు, పేరు ప్రచురణకర్తకు తెలిసి ఉండేవి. కాస్త ఆలస్యమైనా, కాగితం ధర పెరిగినా ఒక ఉత్తరంతో సర్దుకునేది. అదే పనిని ఈనాడు క్రౌడ్‌ఫండింగ్ ద్వారా చేసేటప్పుడు రెండు కొత్త సంగతులు వచ్చి చేరతాయి. మొదటిది, మధ్యలో ఉన్న వేదికా, కార్డు చెల్లింపులు చూసే సంస్థా ప్రతి చందాలోనూ తమ వాటా తీసుకుంటాయి. రెండవది, ముందుగా ప్రకటించిన మొత్తం గడువులోగా పోగుపడకపోతే ఒక్క డాలరు కూడా చేతికి రాదు. ఈ రెండింటిలో మొదటిదాన్ని అందరూ లెక్క వేస్తారు, రెండవదానికి అందరూ భయపడతారు. నిజానికి అసలు ప్రమాదం ఈ రెండింటిలోనూ లేదు. లక్ష్యం చేరి, అభినందనలు అందుకుని, ఆపైన చేతి డబ్బు వేసుకోవలసి రావడంలో ఉంది. అది ఎలా జరుగుతుందో ఒక పుస్తకం లెక్కతో చూద్దాం.

అమెరికాలో ఉంటున్న ఒక రచయిత్రి, తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ చదువుకోగల ఒక బొమ్మల కథల పుస్తకాన్ని పిల్లల కోసం తేవాలనుకుంటున్నారని అనుకుందాం. బొమ్మలు వేసేది విజయవాడలో ఉన్న చిత్రకారుడు. అచ్చు హైదరాబాదులో. పుస్తకాలు పెట్టెల్లో న్యూజెర్సీకి వస్తాయి, అక్కడినుంచి ఒక్కొక్కటిగా పాఠకులకు తపాలాలో వెళ్తాయి. ఆమె ఎంచుకున్న వేదిక 2009లో మొదలైన కిక్‌స్టార్టర్. భారతదేశంలో నివసించేవారు తమ పేరుతో అక్కడ ప్రచారం మొదలుపెట్టే వీలు లేదు కనుక, ఇలాంటి పుస్తకాలకు అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నవారే పూచీ వహించవలసి వస్తుంది. ఈ పూచీ పేరుకు మాత్రమే కాదు. మద్దతుదారులతో ఒప్పందం ఆ మనిషికే, పన్ను లెక్క కూడా ఆ మనిషిదే.

కింద చెప్పే ధరలు లెక్క కోసం అనుకున్నవి. వేదిక, కార్డుల రుసుములు మాత్రం నిజమైనవి. బొమ్మలకు 3,000 డాలర్లు, పుటల కూర్పుకూ భాషా పరిష్కరణకూ 600, నమూనా ప్రతికీ పరిచయ వీడియోకూ 400 అనుకుందాం. అచ్చు 500 ప్రతులు. ఒక్కో ప్రతికి అచ్చు, రవాణా కలిపి నాలుగున్నర డాలర్ల చొప్పున 2,250. మొత్తం 6,250 డాలర్లు. పుస్తకాన్ని కొనేది వందమందైనా, నాలుగు వందల మందైనా ఈ ఖర్చు మారదు. అచ్చు ఖర్చు ప్రతుల సంఖ్యను బట్టి మారుతుంది కదా అనిపించవచ్చు గానీ, ప్రెస్సువారు 298 ప్రతులకు ధర చెప్పరు, ఒక పరిమాణానికి చెబుతారు. సగం ప్రతులు అడిగితే ధర సగం కాదు. అందుకని దాన్ని స్థిరమైన ఖర్చులోనే కలపడం మంచిది.

ఇక మామూలుగా వేసే లెక్క ఇలా ఉంటుంది: కావలసింది 6,250. వేదికకు అయిదు శాతం, కార్డులకు మూడు శాతం. ఎనిమిది శాతం కలిపితే 6,750. అదే లక్ష్యం.

ఈ లెక్కలో ఒక చిన్న తప్పూ ఒక పెద్ద తప్పూ ఉన్నాయి. చిన్నది, ఎనిమిది శాతాన్ని ఎక్కడ లెక్కగట్టాలన్నది. రుసుము కోసేది వచ్చిన మొత్తంలో, కావలసిన మొత్తంలో కాదు. అందుచేత కావలసిన సొమ్మును 0.92తో భాగించాలి గాని, దానికి ఎనిమిది శాతం కలపకూడదు. అయితే దీనివల్ల వచ్చే తేడా పది వేల డాలర్ల ప్రచారంలో డెబ్బై డాలర్లకు లోపే. దీని గురించి సలహాలిచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, దీనివల్ల మునిగినవాళ్ళు నాకు తెలిసి లేరు. పెద్ద తప్పు వేరే ఉంది. మద్దతుదారు ఒక్కొక్కరూ డబ్బుతోపాటు ఒక ఖర్చును కూడా తెస్తారు. ఆ సంగతి పై లెక్కలో ఎక్కడా లేదు.

ఒక్క మద్దతుదారును తీసుకుని చూద్దాం. పుస్తకం ధర 25 డాలర్లు, తపాలాకు 5, మొత్తం 30 డాలర్లు ఆయన కార్డు మీద పడుతుంది. కిక్‌స్టార్టర్ తన అయిదు శాతాన్ని పుస్తకం ధర మీదనే కాక, తపాలా కోసం వసూలు చేసినదాని మీద కూడా తీసుకుంటుంది. అంటే ఒకటిన్నర డాలరు. కార్డు చెల్లింపు రుసుము మూడు శాతం, దానిపైన ఒక్కో చెల్లింపుకు 20 సెంట్లు, వెరసి డాలరు పది సెంట్లు. రెండూ కలిపి 2.60. మిగిలింది 27.40. తపాలాకు, కవరుకు, లోపల పెట్టే అట్టకు కలిపి 6 డాలర్లు అవుతుందనుకుందాం. దారిలో నలిగిపోయినవాటికీ, పాత చిరునామాకు వెళ్ళి తిరిగొచ్చినవాటికీ బదులు పంపేందుకు పుస్తకానికి 40 సెంట్లు పక్కన పెడదాం. చివరకు 21 డాలర్లు నిలుస్తాయి.

ఈ 21 అన్న అంకె మీదే బడ్జెట్టంతా ఆధారపడి ఉంటుంది. మద్దతుదారు ఇచ్చింది 30 అయినా, బొమ్మలకూ అచ్చుకూ అతని వాటాగా అందేది 21 మాత్రమే. 6,250ని 21తో భాగిస్తే 298 మంది కావాలి. 298 మంది ఇచ్చే మొత్తం 8,940 డాలర్లు. 6,750కీ దీనికీ ఎంత దూరమో చూడండి.

6,750 లక్ష్యంతోనే ఆమె ప్రచారం మొదలుపెట్టి, సరిగ్గా దాన్ని చేరుకున్నారనుకుందాం. అంటే 225 మంది. వేదికకూ కార్డులకూ 585 పోగా 6,165 ఖాతాలో పడుతుంది. తపాలాకూ బదులు ప్రతులకూ 1,440 తీసేస్తే 4,725. స్థిరమైన ఖర్చు 6,250. ప్రచారం విజయవంతమైందని తెరమీద కనిపిస్తున్నప్పుడే రచయిత్రి 1,525 డాలర్లు లోటులో ఉన్నారు. పైగా 225 మందికి పుస్తకం పంపే బాధ్యత ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకుంది.

ఇంకొక తరుగు కూడా ఉంది. కిక్‌స్టార్టర్‌లో మద్దతుదారు మాట ఇచ్చిన రోజున కార్డు నుంచి డబ్బు తీయరు. లక్ష్యం చేరి గడువు ముగిసిన తరువాతే తీస్తారు. ఈలోగా కొందరి కార్డులకు కాలం చెల్లి ఉంటుంది, కొందరి బ్యాంకు తిరస్కరిస్తుంది. వారికి సరిచేసుకోవడానికి ఏడు రోజులు ఇస్తారు. అప్పటికీ చెల్లించనివారు జాబితా నుంచి జారిపోతారు. అలా జారిపోయాక వసూలైన సొమ్ము లక్ష్యానికి తక్కువైనా ప్రచారం నెగ్గినట్టే లెక్క. ఉన్నదానితోనే పని పూర్తిచేయాలి. ఈ తరుగుకు మూడు శాతం పెట్టుకుంటే 298 కాస్తా 308 అవుతుంది. సున్నాలకు సరిచేసి 310 మంది, 9,300 డాలర్లు లక్ష్యంగా పెట్టుకోవడం సబబు. గమనించండి, ఇందులో రచయిత్రి శ్రమకు ఒక్క సెంటు కూడా లేదు.

చిన్న మొత్తాల విషయంలో ఒక మాట. పది డాలర్ల లోపు ఇచ్చేవారికి కార్డు రుసుము వేరుగా ఉంటుంది: అయిదు శాతం, పైన 5 సెంట్లు. ఒక్క డాలరు ఇచ్చి దీవించి వెళ్ళే బంధువు డాలరులో వేదికకు 5, కార్డుకు 10, మొత్తం 15 సెంట్లు పోతాయి. శాతంగా చూస్తే ఎక్కువే. కానీ అతనికి పంపవలసింది ఏమీ లేదు గనుక మిగిలిన 85 సెంట్లూ పనికి వస్తాయి. పది డాలర్లకు ఈ-పుస్తకం తీసుకునేవారి లెక్క కూడా ఇటువంటిదే. డాలరు రుసుము పోయి తొమ్మిది నిలుస్తాయి. నూటికి తొంభై పనికొచ్చే డబ్బు అది. అచ్చు పుస్తకం తీసుకున్నవారి డబ్బులో పనికొచ్చేది నూటికి డెబ్బైయే.

ఇక్కడే ప్రతిఫలాల సంగతి ఎత్తుకోవాలి. రుసుములు ఎవరికైనా ఒకటే, వాటిని తగ్గించే దారి లేదు. ప్రతిఫలాలను ఎంచుకునేది మాత్రం మనమే. కనుక బడ్జెట్టు నిలిచేదీ, కూలేదీ అక్కడే.

మన రచయిత్రికి ఒక ముచ్చటైన ఆలోచన వచ్చింది. పుస్తకంతోపాటు ఒక కొండపల్లి బొమ్మను కూడా ఇస్తే? ధర 60 డాలర్లు, తపాలాకు మామూలుగా 5. వినడానికి బాగుంది. పిల్లలకూ నచ్చుతుంది, తల్లిదండ్రులకు ఇంటి జ్ఞాపకమూ అవుతుంది. మొత్తం 65 డాలర్లలో వేదికకు 3.25, కార్డుకు 2.15, కలిపి 5.40. బొమ్మ కొని అమెరికాకు తెప్పించడానికి 14 అనుకుందాం. తెల్ల పొణికి కర్ర తేలికైనది, మెత్తనిది. చేతులూ గొడుగులూ విడిగా చేసి అతికిస్తారు, దారిలో విరిగేవి అవే. దానికి 3 డాలర్లు పక్కన పెట్టక తప్పదు. గట్టి పెట్టె, మెత్తలు మరో 3.

తపాలా దగ్గర అసలు దెబ్బ తగులుతుంది. అమెరికా తపాలాశాఖలో పుస్తకాలకు మీడియా మెయిల్ అనే చవక తరగతి ఉంది. ఆ పొట్లంలో పుస్తకాల వంటి అనుమతించిన వస్తువులే ఉండాలి. బొమ్మ పెట్టిన మరుక్షణం అది మామూలు పార్సెల్. తనిఖీ కోసం విప్పిచూసే హక్కు తపాలాశాఖకు ఉంది కనుక, ఎవరు చూస్తారులే అనుకోవడం కుదరదు. పెట్టె పరిమాణం కూడా పెరిగింది కాబట్టి 11 డాలర్లు వేద్దాం. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 28.60. ఇచ్చింది రెట్టింపుకు పైగా, పనికొచ్చేది మామూలు మద్దతుదారు కన్నా ఏడున్నర డాలర్లు మాత్రమే ఎక్కువ.

అయినా ఎక్కువే కదా అనవచ్చు. మనిషికి ఎక్కువే. కానీ వేదిక లక్ష్యాన్ని కొలిచేది మనుషులతో కాదు, డాలర్లతో. బొమ్మ తీసుకున్న ఒక్కొక్కరూ లక్ష్యంలో 65 డాలర్లు నింపి, ఖర్చులో 28.60 మాత్రమే మోస్తారు. వందమంది బొమ్మను ఎంచుకున్నారనుకుందాం. 6,500 డాలర్లు నిండాయి. మిగిలిన 2,800కు 94 మంది పుస్తకం మాత్రమే తీసుకుంటే 9,300 లక్ష్యం దాటుతుంది. ఇప్పుడు పనికొచ్చే డబ్బు ఎంత? బొమ్మలవారి నుంచి 2,860, పుస్తకాలవారి నుంచి 1,974, మొత్తం 4,834. లోటు 1,416. అంత జాగ్రత్తగా వేసిన 9,300 కూడా నిలవలేదు. ఎంచేతంటే ఆ అంకె అందరూ పుస్తకమే తీసుకుంటారన్న ఊహ మీద కట్టినది. బొమ్మ ఎంత అందమైనదైతే లోటు అంత పెద్దది.

దీనికి విరుగుడు ఉంది. ఏ ప్రతిఫలమైనా ఇంతమందికే అని పరిమితి పెట్టే వీలును వేదిక ఇస్తుంది. బొమ్మలను ముప్పైకి పరిమితం చేయవచ్చు. లేదా పొట్లంలో ఏముందో దాన్ని బట్టి తపాలా వసూలు చేయవచ్చు. నన్నడిగితే బొమ్మకు బదులు, పుస్తకం లోపలే ఇమిడిపోయేదేదైనా ఇవ్వడం మేలు. వెనక పేజీలో మద్దతుదారుల పిల్లల పేర్లు అచ్చువేయడానికి అయ్యే ఖర్చు దాదాపు శూన్యం. అయిదేళ్ళ పిల్లకు తన పేరు తెలుగులో అచ్చై కనపడటం కొయ్యబొమ్మకు తీసిపోయేది కాదు.

ఇతర దేశాలకు పంపే పుస్తకాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. న్యూజెర్సీ నుంచి లండనుకో మెల్‌బోర్న్‌కో ఒక పుస్తకం పంపడానికి 22 డాలర్లు అవుతుందనుకోండి. ఎక్కడికైనా 5 డాలర్లే అని ప్రకటించిన పక్షంలో ఆ మద్దతుదారు 30 డాలర్లలో మిగిలేది అయిదు. అభిమానంతో దూరం నుంచి చేయి కలిపినవారే బడ్జెట్టుకు భారమవుతారు. దేశాన్ని బట్టి తపాలా పెట్టడం ఒక దారి. తపాలా ఖర్చును పుస్తకం సిద్ధమయ్యాక విడిగా వసూలు చేయడం ఇంకొకటి. ఆర్నెల్ల తరువాతి తపాలా ధరలు ఇప్పుడు ఎవరికీ తెలియవు కాబట్టి రెండవది నాకు నచ్చుతుంది. అయితే అప్పుడు కూడా కార్డు రుసుము ఉంటుందనీ, కొందరు ఆ రెండో చెల్లింపు దగ్గర జాప్యం చేస్తారనీ గుర్తుంచుకోవాలి. భారతదేశంలో ఉన్నవారికి పంపేవి హైదరాబాదులోనే ఆపి అక్కడినుంచే పంపడం తెలివైన పని.

ఇక లక్ష్యం చేరకపోతే? ప్రచారానికి ముప్పై రోజులు పెట్టారు. కిక్‌స్టార్టర్‌లో అరవై దాకా పెట్టుకోవచ్చు. ఆఖరి రోజుకు 9,300కు గాను 7,000 దగ్గర ఆగింది. ఎవరి కార్డు మీదా చార్జీ పడదు. వేదికకు రుసుము లేదు. మద్దతుదారులకు రచయిత్రి బాకీ ఏమీ లేదు. పోయేది ప్రచారానికి ముందు పెట్టిన ఖర్చే. వీడియోకూ నమూనాకూ 400, చూపించడానికి వేయించిన కొన్ని బొమ్మలకు అడ్వాన్సు 600 అనుకుంటే వెయ్యి డాలర్లు. చాలామంది బడ్జెట్టులో ఈ వెయ్యికి ప్రత్యేకంగా చోటు ఉండదు. ఉండాలి. ప్రచారం ఓడిపోతే ఎంత పోతుందన్నది మొదటే ఒక అంకెగా రాసుకుని, అంతకు మించి ముందుగా ఖర్చు పెట్టకూడదు. చిత్రకారుడితో ఒప్పందం కూడా అలాగే ఉండాలి: అడ్వాన్సు తిరిగి ఇవ్వనక్కరలేదు, మిగిలిన బొమ్మలు లక్ష్యం చేరాకే. ప్రచారం నెగ్గుతుందన్న ధైర్యంతో అన్ని బొమ్మలూ ముందే వేయించినవారికి నష్టం వెయ్యి కాదు, మూడు వేల నాలుగు వందలు.

అంతా లేదా ఏమీ లేదు అన్న ఈ నియమం క్రూరంగా అనిపిస్తుంది. 7,000 కళ్ళముందు కనబడి మాయమవుతుంది మరి. ఇండిగోగో చాలా ఏళ్ళపాటు వచ్చినంత ఉంచుకునే పద్ధతిని కూడా అందించింది. దాని కింద ఆ 7,000 చేతికి వచ్చి ఉంటే ఏమయ్యేది? రుసుములు ఇంచుమించు అవేననుకుంటే, 233 మంది నుంచి పనికొచ్చే డబ్బు 4,893. స్థిరమైన ఖర్చు 6,250. బొమ్మలు తక్కువ వేయమనలేము, సగం పుస్తకం అచ్చువేయలేము. 1,357 డాలర్ల లోటుతో 233 మందికి మాట ఇచ్చినట్టు అయ్యేది. ఖర్చులో ఎక్కువ భాగం స్థిరంగా ఉండే పనులకు, అంటే పుస్తకాలకు, సినిమాలకు, యంత్రాలకు, ఈ క్రూరమైన నియమమే రచయిత్రిని కాపాడుతుంది. వచ్చినంతకు పని చేయగలిగిన చోట, ఉదాహరణకు గ్రంథాలయానికి పుస్తకాలు కొనిపెట్టే పనికి, ఉంచుకునే పద్ధతి సరిపోతుంది.

ఆఖరి రాత్రి ఒక ఆశ పుడుతుంది. తక్కువైన 2,300 మనమే బావగారి కార్డు మీద వేయిస్తే? సృష్టికర్త తన ప్రచారానికి తానే డబ్బు వేసుకోవడాన్ని వేదిక నియమాలు ఒప్పుకోవు. ఆ సంగతి అలా ఉంచినా, లెక్క కూడా ఒప్పుకోదు. ఆ 2,300లో 184 డాలర్లు రుసుములకు పోతాయి, 1,357 అసలు లోటులో కరిగిపోతాయి. కొన్నది పదిహేను వందల నలభై డాలర్ల నష్టం, దానితోపాటు 233 పొట్లాలు కట్టే పని.

ఓడిన ప్రచారపు పుట చెరిగిపోదు, అక్కడే ఉంటుంది. ఆ 233 మందికి దాని ద్వారా కబురు పంపవచ్చు. రెండోసారి వచ్చేవారు చేసే పొరపాటు, ఖర్చును అలాగే ఉంచి లక్ష్యాన్ని మాత్రం 7,000కు దించడం. అది ఓడిపోవడం కన్నా హీనం. దించవలసింది స్థిరమైన ఖర్చును. బొమ్మలు పదహారు బదులు పన్నెండు అయితే, ప్రతులు మూడువందలు అయితే 6,250 ఎంతకు దిగుతుందో ప్రెస్సువారి నుంచి, చిత్రకారుడి నుంచి కొత్త ధరలు రాయించుకోవాలి. దాన్ని మళ్ళీ 21తో భాగించాలి. వచ్చిన సంఖ్య 220 లోపు ఉంటే, పాత మద్దతుదారుల భరోసాతో మళ్ళీ బయలుదేరవచ్చు.

పన్ను గురించి ఒక్క విషయం, ఎందుకంటే తేదీ ఎంపిక దాని మీద ఆధారపడుతుంది. అమెరికాలో ప్రతిఫలం ఇచ్చి తీసుకున్న ఇటువంటి డబ్బు సాధారణంగా ఆదాయమే. 1099-కె పత్రం వస్తే అందులో కనబడేది రుసుములు తీసివేయక ముందున్న మొత్తం, చేతికొచ్చినది కాదు. రుసుముల రసీదులు దాచుకోకపోతే రాని డబ్బుకు కూడా జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఇక ప్రచారం ముగిసిన తరువాత సొమ్ము ఖాతాలో పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. నవంబరు నెలాఖరుకు ముగిస్తే తొమ్మిది వేలు డిసెంబరులో వస్తాయి, అచ్చు ఖర్చు మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పడుతుంది. ఆదాయం ఒక ఏడాదిలో, ఖర్చు ఇంకో ఏడాదిలో. వ్యక్తుల పన్ను లెక్క ఎక్కువగా నగదు వచ్చిన, పోయిన తేదీలను బట్టే ఉంటుంది గనుక, ఖర్చే కాని డబ్బు మీద పన్ను కట్టవలసి రావచ్చు. ప్రచారాన్ని జనవరి చివర మొదలుపెట్టి మార్చిలోగా ముగిస్తే వసూలు, బొమ్మలు, అచ్చు, తపాలా అన్నీ ఒకే ఏడాదిలో పడతాయి, దసరాకు పుస్తకం పిల్లల చేతిలో ఉంటుంది.